డిసెంబర్ జీతం ఎవరి దగ్గరుంది?

ఫిబ్రవరి 2, సోమవారం రాత్రి మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, నాకు ఒక నెల జీతం ఎగ్గొట్టారు" అంది. గొంతులో కోపం కంటే బెంగే ఎక్కువగా వినిపించింది.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం తనది. పాత కంపెనీ మానేసి డిసెంబర్‌లో కొత్త కంపెనీలో చేరింది. పాత కంపెనీ నుంచి చివరిగా జీతం పడింది నవంబర్ 28న. ఆ తర్వాత ఖాతాలో డబ్బు పడింది మళ్లీ జనవరి 30నే. మధ్యలో 63 రోజులు హాస్టల్ అద్దె, బైక్ కిస్తీ, ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపే డబ్బు అన్నీ స్నేహితురాలి దగ్గర చేబదులు తీసుకుని నెట్టుకొచ్చింది. జనవరి 30న రెండు నెలల డబ్బు కలిసి వస్తుందనుకుంటే ఒక్క నెలదే వచ్చింది. ఆ రాత్రే పేరోల్ వాళ్లకు మెయిల్ పెట్టింది. "సర్, నాకు డిసెంబర్ నెల జీతం పడలేదు. దయచేసి చూడగలరు." అంతే, రెండు వాక్యాలు.

సోమవారం సాయంత్రానికి జవాబొచ్చింది. మీరు డిసెంబర్ కటాఫ్ తర్వాత చేరారు, మీ జీతం జనవరితో కలిపి చెల్లించాం, టికెట్ మూసేస్తున్నాం అని.

నేను పదమూడేళ్లుగా జీతాల లెక్కల విభాగంలోనే పనిచేస్తున్నాను. ఇలాంటి రెండు వాక్యాల మెయిళ్లు వందల సంఖ్యలో చూశాను, ఇలాంటి జవాబులు నేనూ ఇచ్చాను. మెయిల్ రాసిన మనిషి కష్టం నిజమే. జవాబు రాసిన మనిషీ అబద్ధమాడాలని రాయలేదు. చిక్కంతా "డిసెంబర్ నెల" అన్న మాటలో ఉంది. ఉద్యోగం మారిన నెలకు ఒక యజమాని ఉండడు. అందుకే ఆ నెల జీతాన్ని నెలగా అడిగితే దొరకదు, రోజులుగా అడగాలి.

మూడు ముక్కలైన నెల

"కాగితం తీసుకుని డిసెంబర్ 1 నుంచి 31 దాకా ఒక గీత గీయి" అన్నాను. "పాత కంపెనీలో చివరి రోజు ఏది?"

"19, శుక్రవారం."

"కొత్తదాంట్లో చేరింది?"

"22, సోమవారం."

గీత మూడు ముక్కలైంది. 1 నుంచి 19 వరకు పందొమ్మిది రోజులు పాత కంపెనీవి. 22 నుంచి 31 వరకు పది రోజులు కొత్త కంపెనీవి. మధ్యలో 20, 21 తేదీలు శని, ఆదివారాలు. వాటిలో తను ఎవరి ఉద్యోగీ కాదు. పందొమ్మిదీ రెండూ పదీ కలిపితే ముప్పై ఒకటి.

ఇప్పుడు డబ్బు లెక్క. పాత కంపెనీలో నెలకు 46,500 రూపాయలు, అంటే 31 రోజుల నెలలో రోజుకు 1,500. పందొమ్మిది రోజులకు 28,500. కొత్త కంపెనీలో నెలకు 62,000, అంటే రోజుకు 2,000. పది రోజులకు 20,000. పోయిందనుకున్న ఒక నెల జీతం నిజానికి కోతలకు ముందు 48,500 రూపాయలు. అది రెండు వేర్వేరు సంస్థల దగ్గర, వేర్వేరు కారణాలతో ఆగి ఉంది. అడగాల్సిన మెయిల్ ఒకటి కాదు, రెండు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. కొన్ని సంస్థలు నెలలో ఉన్న అసలు రోజులతో భాగిస్తాయి, కొన్ని ఏ నెలనైనా 30తో, కొన్ని ఆదివారాలు తీసేసి 26తో భాగిస్తాయి. 26తో భాగించేవాళ్లు పనిచేసిన రోజుల్లోంచి కూడా ఆదివారాలు తీసేస్తారు. దేనితో భాగిస్తారో నియామక పత్రంలోనో జీతాల పాలసీలోనో ఉంటుంది. మనం వేసే లెక్కకూ వాళ్లు ఇచ్చే మొత్తానికీ కొన్ని వందల తేడా వస్తే దానికి చాలాసార్లు కారణం ఇదే. ఆ తేడాకు కంగారు పడనక్కర్లేదు. రోజుల సంఖ్య తేడా వస్తే మాత్రం వదలకూడదు.

బావగారి ఎల్‌పీసీ

మా బావగారు ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు. కూతురి సంగతి విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎల్‌పీసీ తెచ్చుకోలేదా?" అని.

ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లలో ఈ మాట తెలియనివాళ్లు తక్కువ. లాస్ట్ పే సర్టిఫికెట్, అంటే చివరి జీతం ధ్రువపత్రం. టీచరు ఒక మండలం నుంచి మరో మండలానికి బదిలీ అయితే పాత చోట జీతం బిల్లు చేసే అధికారి ఈ పత్రం ఇస్తారు. ఫలానా తేదీ వరకు ఫలానా రేటున జీతం మేం చెల్లించాం, ఇవీ కోతలు, ఇవీ మిగిలిన అప్పు వాయిదాలు అని అందులో ఉంటుంది. అది అందాకే కొత్త చోట జీతం బిల్లు కదులుతుంది. ఆ కాగితం ఆలస్యమై నెలల తరబడి జీతం ఆగిపోయిన టీచర్లూ ఉన్నారు. కానీ ఒకసారి అది చేతికొచ్చాక ఏ తేదీ నుంచి ఎవరు ఇవ్వాలన్న ప్రశ్న ఉండదు.

ప్రైవేటు ఉద్యోగంలో ఆ కాగితం లేదు. రిలీవింగ్ లెటర్‌లో చివరి పనిదినం ఉంటుంది కానీ ఎప్పటివరకు జీతం ఇచ్చారో ఉండదు. ఒక కంపెనీ పేరోల్‌కు మరో కంపెనీ లెక్కలు కనిపించవు, అడిగే అలవాటూ లేదు. రెండు పక్కల సంగతీ తెలిసినది ఒక్క ఉద్యోగికే. అందుకే ఎల్‌పీసీ చేసే పనిని ఉద్యోగి రాసే ఉత్తరమే చేయాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎవరు ఇవ్వాలి, ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది అన్నది అందులో ఉండాలి.

ఆ బల్ల అవతల ఏం జరుగుతుంది?

జీతం 30న పడినా దాని లెక్క చాలా ముందే మొదలవుతుంది. చాలా కంపెనీల్లో 20 నుంచి 25వ తేదీ మధ్య ఒక గడువు ఉంటుంది. దాన్నే కటాఫ్ అంటారు. ఆ తేదీకల్లా చేరినవాళ్ల పేర్లు, హాజరు, సెలవులు, బ్యాంకు వివరాలు వచ్చేయాలి. తర్వాత లెక్క కట్టడం, సరిచూడటం, పైవాళ్ల సంతకం, బ్యాంకుకు ఫైలు పంపడం. కటాఫ్ దాటాక చేరినవాళ్ల ఆ కొద్ది రోజుల జీతాన్ని వచ్చే నెల జీతంతో బకాయిగా కలుపుతారు. పేరోల్ భాషలో ఎరియర్స్ అంటారు. మా అమ్మాయి కంపెనీలో కటాఫ్ 20. తను చేరింది 22. కాబట్టి డిసెంబర్ 31న ఏమీ పడకపోవడం వాళ్ల పద్ధతి ప్రకారమే జరిగింది. జనవరి 30న ఆ పది రోజులు కలిసి రావాలి. వచ్చాయా అన్నదే ప్రశ్న.

ఆమె రాసిన రెండు వాక్యాలు మొదట చేరేది లెక్క కట్టే మనిషికి కాదు, సహాయ విభాగంలో టికెట్లు చూసే కుర్రవాడికి. నెల మొదటి రోజుల్లో అతని ముందు వందల టికెట్లు ఉంటాయి. కొత్తగా చేరిన ఉద్యోగి పోయిన నెల జీతం అడుగుతోంది అనగానే అతని దగ్గర ముందే రాసి పెట్టుకున్న జవాబు ఉంటుంది, కటాఫ్ తర్వాత చేరారు, జనవరితో కలిపాం అని. పదిమందిలో తొమ్మిదిమందికి ఆ జవాబు సరిపోతుంది కూడా. పదో మనిషి తనే అని చెప్పే ఆధారమేదీ మా అమ్మాయి మెయిల్‌లో లేదు.

పేస్లిప్‌లో మూడు గళ్లు

"జనవరి పేస్లిప్ తెరువు" అన్నాను. జీతం రాలేదన్న ప్రతి ఫిర్యాదుకూ సగం జవాబు అందులోనే ఉంటుంది. అంకెలన్నీ చదవక్కర్లేదు, మూడు గళ్లు చూస్తే చాలు.

మొదటిది పెయిడ్ డేస్, అంటే ఎన్ని రోజులకు జీతం లెక్కకట్టారు. 31 అని ఉంది. జనవరికి 31 రోజులు. కాబట్టి జనవరి పూర్తిగా వచ్చింది. ఇక్కడ 31 కంటే తక్కువ ఉండి పక్కన లాస్ ఆఫ్ పే రోజులు కనిపిస్తే చిక్కు హాజరులో ఉన్నట్టు. కొత్తవాళ్లకు యాక్సెస్ కార్డు, లాగిన్ వచ్చేలోపు రోజులు గైర్హాజరుగా పడిపోవడం తరచూ జరుగుతుంది.

రెండోది ఎరియర్స్. ఖాళీ. కలిపాం అని జవాబులో చెప్పిన పది రోజులు ఇక్కడ లేవు. మొత్తం చూసినా అదే తేలింది. 62,000లో పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోను ఖాతాలో పడింది సరిగ్గా 60,000. ఆ వార్షిక జీతానికి కొత్త పన్ను విధానంలో ఆదాయపు పన్ను కోత లేదు. అది అచ్చంగా ఒక నెల జీతమే.

మూడోది చాలామంది చూడని గడి, పేస్లిప్ పైభాగంలో పేరు కింద ఉండే చేరిన తేదీ. "ఏముంది అక్కడ?" అని అడిగాను. కాసేపు చప్పుడు లేదు. "01-01-2026 అని ఉంది పిన్నీ. నేను చేరింది డిసెంబర్ 22న కదా" అంది.

కారణం దొరికింది. అక్కడ ఏం జరిగిందో తర్వాత తెలిసింది కానీ ఆ రోజే ఊహించగలిగాను. ఎందుకంటే ఇది మాకు కొత్త కాదు. పాత కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ రావడం ఆలస్యమైంది. అది వచ్చాకే రికార్డు తయారు చేద్దామని హెచ్‌ఆర్‌లో ఆగారు. జనవరి 2న రికార్డు తెరిచి, చేరిన తేదీ డిసెంబర్ 22 అని కొడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. డిసెంబర్ జీతాలు అప్పటికే ముగిసి ఆ నెలకు తాళం పడింది. పని ఆగకూడదని జనవరి 1 అని వేశారు, పది రోజులు తర్వాత చేత్తో కలుపుదామనుకున్నారు. ఆ తర్వాత కలపాలన్న సంగతి ఏ జాబితాలోకీ ఎక్కలేదు. ఎవరూ డబ్బు నొక్కేయలేదు. కంప్యూటర్ దృష్టిలో డిసెంబర్‌లో ఆమె ఉద్యోగే కాదు. అందుకే అది ఎప్పటికీ తనంతట తాను ఆ బకాయిని చూపించదు.

ఈ తప్పు 20,000 రూపాయలతో ఆగదు కూడా. ప్రొబేషన్ ముగిసే రోజు, సెలవుల జమ, ఐదేళ్ల తర్వాత గ్రాట్యుటీ లెక్క అన్నీ చేరిన తేదీ నుంచే మొదలవుతాయి. పీఎఫ్ పోర్టల్‌లో కూడా అదే తేదీ ఎక్కితే పాత ఉద్యోగానికీ కొత్తదానికీ మధ్య రెండు రోజులుండాల్సిన ఖాళీ పన్నెండు రోజులవుతుంది. అక్కడ ఎక్కాక తేదీ మార్చాలంటే విడిగా సవరణ పెట్టుకోవాలి. ఏ నెల పీఎఫ్ అయినా తర్వాతి నెల 15లోపు కట్టాలి. జనవరిది కట్టడానికి ఇంకా రెండు వారాలు కూడా లేవు. అందుకే మర్నాడే రాయమన్నాను.

నాలుగో సంభవం కూడా ఒకటుంది, మా అమ్మాయిది అది కాదు. పేస్లిప్‌లో అన్నీ సరిగ్గా ఉండి, చెల్లించినట్టు మొత్తం కనిపించి, ఖాతాలో మాత్రం పడకపోతే చిక్కు బ్యాంకు దారిలో ఉన్నట్టు. ఖాతా సంఖ్యలో అంకె తప్పినా, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పాతదైనా డబ్బు కంపెనీకి తిరిగి వెళ్లిపోతుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిశాక మన దగ్గర ఎందరికో కోడ్ మారింది. ఇంట్లో ఉన్న పాత పాస్‌బుక్ చూసి ఫారంలో రాసిన కోడ్ ఇప్పుడు పనిచేయదు. అలాంటప్పుడు పేరోల్‌ను అడగాల్సింది ఒకటే, ఆ చెల్లింపు యూటీఆర్ నంబరు. అది చేతిలో ఉంటే డబ్బు ఎక్కడుందో బ్యాంకు చెప్పగలదు.

ఫిబ్రవరి 3న వెళ్లిన ఉత్తరం

ఆఫీసులో ఇంగ్లీషులో రాసింది. సారం ఇదీ.

> విషయం: డిసెంబర్ 22–31 (10 రోజులు) జీతం అందలేదు, చేరిన తేదీ సవరణ కోసం – ఉద్యోగి సంఖ్యతో
>
> నమస్కారం.
>
> నేను 2025 డిసెంబర్ 22న విధుల్లో చేరాను. డిసెంబర్ 22 నుంచి 31 వరకు పది రోజుల జీతం ఇంతవరకు అందలేదు.
>
> జనవరి 30న నా ఖాతాలో 60,000 రూపాయలు పడ్డాయి. జనవరి పేస్లిప్‌లో పెయిడ్ డేస్ 31గా ఉంది, ఎరియర్స్ గడి ఖాళీగా ఉంది. కాబట్టి అందింది జనవరి ఒక్క నెల జీతమే.
>
> పేస్లిప్‌లో నేను చేరిన తేదీ 01-01-2026 అని ఉంది. నియామక పత్రంలోనూ, మొదటి రోజు హెచ్‌ఆర్ పంపిన మెయిల్‌లోనూ 22-12-2025 అని ఉంది. బకాయి రాకపోవడానికి ఈ తేడాయే కారణమని అనుకుంటున్నాను.
>
> నా లెక్క ప్రకారం కోతలకు ముందు రావలసింది 62,000 ÷ 31 × 10 = 20,000 రూపాయలు. మీ లెక్క వేరైతే తెలియజేయగలరు.
>
> డిసెంబర్ 19 వరకు జీతం నా పాత సంస్థ ఇవ్వాలి. అది వాళ్లనే అడుగుతున్నాను. ఈ మెయిల్ దాని గురించి కాదు.
>
> దయచేసి రెండు పనులు చేయగలరు. ఒకటి, చేరిన తేదీని మీ రికార్డులోనూ, పీఎఫ్ నమోదులోనూ సరిచేయడం. రెండు, పది రోజుల జీతం ఏ తేదీన చెల్లిస్తారో చెప్పడం.
>
> జతచేసినవి: నియామక పత్రం, డిసెంబర్ 22 నాటి హెచ్‌ఆర్ మెయిల్, జనవరి పేస్లిప్, రిలీవింగ్ లెటర్.

ఇందులో కోపం లేదు, వేడుకోలూ లేదు. మొదటి మెయిల్‌కూ దీనికీ అసలు తేడా మర్యాదలో కాదు, ఆధారంలో ఉంది. జనవరితో కలిపాం అన్న జవాబు మళ్లీ రావడానికి రెండో పేరా వీల్లేకుండా చేసింది. పెయిడ్ డేస్ 31 అయినప్పుడు అందులో డిసెంబర్ రోజులు ఉండే వీల్లేదు. మూడో పేరా ఎక్కడ వెతకాలో చూపించింది. టికెట్లు చూసే కుర్రవాడికి చేరిన తేదీ మార్చే అధికారం ఉండదు. అందుకే అతను దాన్ని మూసేయలేడు, పైకి పంపాల్సిందే. పాత సంస్థ గురించి రాసిన పేరా ఎల్‌పీసీ లాంటిది. ఆ రోజుల జీతం మా బాధ్యత కాదు అన్న మాట రాకముందే అది ఎవరి బాధ్యతో చెప్పేసింది.

లెక్క చెప్పి, మీ లెక్క వేరైతే తెలియజేయండి అనడం కూడా కావాలనే రాయించాను. అంకె చెప్పకపోతే వాళ్లు ఎంత ఇచ్చినా సరిపోయిందో లేదో మనకు తెలియదు. అంకె చెప్పి పట్టుబడితే భాగించే పద్ధతి మీద వాదన మొదలవుతుంది.

జతచేయకూడనివీ ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ మొత్తం పంపక్కర్లేదు. అడిగితే జీతం పడిన వరుస ఒక్కటి కనిపించేలా పంపితే చాలు. ఆధార్, పాన్ కాపీలు వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంటాయి. ఇక కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా మూసేసిన టికెట్‌కే జవాబుగా రాయమన్నాను. జనవరి 30న మొదట అడిగిన సంగతి అందులోనే నమోదై ఉంటుంది.

చట్టం ఏమంటుంది?

పాత కంపెనీకీ అదే రోజు ఇంకో ఉత్తరం వెళ్లింది, 1 నుంచి 19 వరకు రోజుల కోసం. అక్కడ చిక్కు వేరు. రాజీనామా చేసినవాళ్ల చివరి నెల జీతాన్ని కంపెనీలు మామూలు జీతంతో ఇవ్వకుండా ఆపుతాయి. నోటీసు రోజులు తక్కువైతే కోత, వాడని సెలవుల డబ్బు, తిరిగివ్వాల్సిన లాప్‌టాప్ అన్నీ తేల్చి ఒకేసారి ఇస్తామంటాయి. అదే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్. చివరి పనిదినం తర్వాత 45 రోజులు పడుతుందని వాళ్లు ముందే చెప్పారు. ఆ 45 రోజులూ ఫిబ్రవరి 2తో అయిపోయాయి.

చట్టం 45 రోజులు ఇవ్వదు. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి రాజీనామా చేసినా, తొలగించినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. డిసెంబర్ 19 శుక్రవారం మానేస్తే 23 మంగళవారానికి అందాలన్నమాట. నెల జీతగాళ్లకు తర్వాతి నెల ఏడో తేదీలోపు జీతం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఈ లెక్కన కొత్త కంపెనీ డిసెంబర్ పది రోజుల జీతాన్ని జనవరి 7కే ఇవ్వాలి. కటాఫ్ అన్నది కంపెనీ తన సౌకర్యానికి పెట్టుకున్న గడువు. అది చట్టం ఇచ్చిన గడువు కాదు.

ఇంతకుముందున్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నెలకు 24,000 రూపాయల లోపు వేతనం ఉన్నవాళ్లకే వర్తించేది. మా అమ్మాయి లాంటివాళ్లు దాని బయట ఉండేవారు. కొత్త కోడ్‌లో జీతం చెల్లింపు విషయంలో ఆ పరిమితి లేదు. రావలసినది రాకపోతే మూడేళ్ల లోపు కోడ్ కింద నియమించిన అధికారి దగ్గర క్లెయిమ్ వేయవచ్చు. 45వ సెక్షన్ ప్రకారం ఆ అధికారి బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం కూడా ఇప్పించవచ్చు. ప్రైవేటు ఐటీ కంపెనీల విషయంలో ఇది రాష్ట్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తుంది.

అయినా మొదటి ఉత్తరంలో ఈ సెక్షన్లు రాయొద్దన్నాను. సెక్షన్ పేరు కనబడగానే పేరోల్ మనిషి ఆ మెయిల్‌ను న్యాయ విభాగానికి పంపి తను చేతులు కట్టుకుంటాడు. రెండు రోజుల్లో సరిదిద్దగలిగిన తేదీ రెండు వారాలు అక్కడ ఆగుతుంది. జవాబు రాకపోతే ఐదారు పనిదినాల తర్వాత అదే వరుసలో పేరోల్ మేనేజరును కలుపుకుని గుర్తుచేయాలి. అప్పటికీ కదలకపోతే మూడో ఉత్తరంలో 17వ సెక్షన్, గడువు తేదీ రాయాలి. ఆ తర్వాతే కార్మిక శాఖ. అక్కడికి వెళ్లాల్సి వస్తే తేదీలతో, అంకెలతో ఉన్న ఈ మెయిళ్ల వరుసే మన కాగితం.

లెక్క ఎలా తేలింది?

మా అమ్మాయికి అంతదూరం పోలేదు. ఫిబ్రవరి 5న కొత్త కంపెనీ పేరోల్ నుంచి జవాబొచ్చింది. చేరిన తేదీ సరిచేశామని, పీఎఫ్ పోర్టల్‌లో నమోదు ఇంకా జరగలేదు కాబట్టి అక్కడ సరైన తేదీయే వెళ్తుందని. పది రోజుల జీతం విడిగా ఇవ్వలేమని, ఫిబ్రవరి జీతంతో కలుపుతామని రాశారు. విడిగా ఇవ్వమని ఇంకోసారి అడిగింది, ఒప్పుకోలేదు. ఫిబ్రవరి 27న ఖాతాలో 78,800 పడ్డాయి. ఫిబ్రవరి జీతం 60,000, బకాయి 20,000లో పీఎఫ్ 1,200 పోను 18,800. ఈసారి ఎరియర్స్ గడిలో 20,000, పైన 22-12-2025 అని ఉన్నాయి.

పాత కంపెనీలో ఫైలు ఆగింది లాప్‌టాప్ దగ్గర. ఆమె తిరిగిచ్చిన లాప్‌టాప్‌ను ఐటీ విభాగం అందినట్టు నమోదు చేయలేదు. చివరి రోజు సంతకం పెట్టించుకున్న చీటీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంది. అది పంపగానే కదిలింది. ఫిబ్రవరి 13న 26,590 పడ్డాయి. 28,500లో పీఎఫ్ 1,710, వృత్తి పన్ను 200 పోను మిగిలిన మొత్తం అది. మార్చి 31 లోపే రెండూ అందడం ఇంకో మేలు చేసింది. జూన్‌లో రెండు కంపెనీల నుంచి రెండు ఫారం 16లు వస్తాయి. ఈ రెండు ముక్కలూ ఏ ఏడాదికి చెందాలో ఆ ఏడాది లెక్కలోనే కనిపిస్తాయి.

నా సంగతి చెప్పాలంటే, ఆ సోమవారం తర్వాత మా విభాగంలో ఒక పద్ధతి మార్చాను. ఉద్యోగం మారి వచ్చినవాళ్లు జీతం పడలేదని రాస్తే, ముందే రాసి పెట్టుకున్న జవాబు పంపే ముందు నియామక పత్రంలోని చేరిన తేదీ నుంచి ఈరోజు వరకు రోజులు లెక్కపెట్టి, మేం జీతమిచ్చిన రోజులతో సరిచూడమన్నాను. ఒక్క టికెట్‌కు నాలుగు నిమిషాలు పడుతుంది. మొదటి నెలలోనే మా దగ్గరా ఇద్దరి తేదీలు తప్పుగా ఉన్నట్టు తేలింది. ఆ ఇద్దరూ ఇంకా మాకు రాయనే లేదు.

లెక్కంతా తేలాక మా అమ్మాయి కాగితం మీద గీతను మళ్లీ చూసి అడిగింది. "పిన్నీ, ఆ 20, 21 తేదీలు?"

"వాటిని ఎవరినీ అడగలేవమ్మా. పాత చోట చివరి రోజు ఆదివారం వరకు పెట్టమని రాజీనామా రోజునే అడిగి ఉంటే ఒప్పుకునేవాళ్లేమో. అది అప్పుడే మాట్లాడుకోవాలి."

ఆ రెండు రోజులూ ఖమ్మం వెళ్లి అమ్మానాన్నల దగ్గర ఉండి వచ్చానని చెప్పింది. కాగితం మీద వాటి ఎదురుగా సున్నా వేసి, కింద 31 రాసి గీత కొట్టింది.